పొట్ట ఫిల్ములో గాలి జాడ

కడుపునొప్పితో క్యాజువాలిటీకి వచ్చిన మనిషికి తీసే పొట్ట ఎక్స్‌రేలో నిజానికి పేగులు కనిపించవు. పేగు గోడ, లోపలి నీరు, చుట్టూ ఉన్న కండరాలు, కాలేయం ఇవన్నీ ఎక్స్‌రే కిరణాలను ఇంచుమించు ఒకేలా అడ్డుకుంటాయి. అందుకే ఫిల్ములో అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. ఎముక తెల్లగా వస్తుంది, కొవ్వు కాస్త ముదురు బూడిదరంగులో వస్తుంది, గాలి మాత్రం నల్లగా పడుతుంది. పేగు ఎక్కడుందో, ఎంత లావుందో మనకు తెలిసేది దానిలో గాలి ఉన్న మేరకే.

అంటే హౌస్ సర్జన్ గానీ, ఎమర్జెన్సీలో కొత్తగా చేరిన పీజీ గానీ ఆ ఫిల్ము పట్టుకుని వెతకాల్సింది గాలి కోసం. గాలి పేగులోనే ఉండి పేగు ఉబ్బిపోయి ఉంటే ముందుకు దారి మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. అది పేగు అడ్డంకి, డాక్టర్ల మాటలో ఆబ్‌స్ట్రక్షన్. గాలి పేగు దాటి పొట్ట ఖాళీలోకి వచ్చిందంటే ఎక్కడో చిల్లు పడినట్టు. అది పర్ఫొరేషన్. రెండూ సర్జన్‌ను నిద్రలేపాల్సిన సంగతులే. రెంటినీ పసిగట్టడంలో ఫిల్ము ఎంత సాయం చేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఇద్దరు రోగుల ఉదాహరణలతో చూద్దాం. ఇద్దరూ కల్పితమే కానీ ఇలాంటి వాళ్లు మన జిల్లా ఆసుపత్రుల క్యాజువాలిటీకి తరచూ వస్తుంటారు.

ముందు ఫిల్ము ఎలా తీశారో తెలుసుకోవాలి

ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పొట్టలోనూ గాలి ఉంటుంది. అందులో ఎక్కువభాగం మనం మింగిందే. జీర్ణాశయంలో ఒక బుడగ, పెద్దపేగులో అక్కడక్కడా కొంత, చిన్నపేగులో చాలా కొద్దిగా ఉంటాయి. పేగులో గాలీ నీరూ రెండూ ఉంటే గాలి పైకి చేరుతుంది, నీరు అడుగున నిలుస్తుంది. మేస్త్రీ చేతిలోని రసమట్టంలో బుడగ ఎప్పుడూ పైకే పోయినట్టు, పొట్టలోని గాలి కూడా మనిషి ఏ భంగిమలో ఉన్నాడన్న దాన్నిబట్టి చోటు మారుస్తుంది. వెల్లకిలా పడుకుంటే బొడ్డు వైపుకు వస్తుంది, కూర్చుంటే డయాఫ్రం కిందికి, అంటే ఛాతీకీ పొట్టకీ నడుమ ఉన్న కండరపు పొర కిందికి చేరుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే కుడి పక్కటెముకల వైపుకు పోతుంది.

అందుకే ఫిల్ములో దేన్నీ చూడకముందే పేరు, తేదీ, తీసిన టైము సరిచూసుకుని, రోగిని పడుకోబెట్టి తీశారా, నిలబెట్టి తీశారా అని కనుక్కోవాలి. కిరణం ఏ దిశలో వెళ్లిందన్నది కూడా అంతే ముఖ్యం. గాలీ నీరూ కలిసే గీత నేలకు సమాంతరంగా ఉంటుంది. కిరణం కూడా నేలకు సమాంతరంగా వెళ్తేనే ఆ గీత ఫిల్ములో పడుతుంది. కిరణం పైనుంచి కిందికి వస్తే గాలి నీటి మీద పరుచుకుని కనిపిస్తుంది తప్ప గీత రాదు. ఆ తర్వాత చూడాల్సింది ఫిల్ము పొడవు. పైన డయాఫ్రం, కింద గజ్జలు రెండూ వచ్చాయా లేదా అన్నది గమనించాలి. గజ్జలు కోసేసిన ఫిల్ములో హెర్నియాలో ఇరుక్కున్న పేగు కనబడదు. డయాఫ్రం కోసేసిన ఫిల్ము చిల్లు గురించి ఏమీ చెప్పదు.

మొదటి రోగి: పసరు వాంతులు

నలభై ఎనిమిదేళ్ల మహిళ. నిన్న మధ్యాహ్నం నుంచి బొడ్డు చుట్టూ నొప్పి. ఒక్కసారిగా మెలిపెట్టినట్టు వచ్చి కాసేపటికి తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. మొదట తిన్నది వాంతి అయింది, తర్వాత పసరు వాంతులు మొదలయ్యాయి. రాత్రి నుంచి విరేచనం లేదు, గ్యాస్ కూడా పోలేదు. పొట్ట ఉబ్బి ఉంది. ఆరేళ్ల కిందట గర్భసంచి తీయించుకుంది, అంతకుముందు రెండు కాన్పులూ సిజేరియన్లే.

ఫిల్ము చేతికి రాకముందే సగం సమాచారం ఈ వివరాల్లో ఉంది. పొట్ట కోసి చేసిన ఏ ఆపరేషన్ తర్వాతైనా లోపల పేగులు ఒకదానికొకటి గానీ, పొట్ట గోడకు గానీ అతుక్కోవచ్చు. ఆ అతుకు తాడులా సాగి, ఏళ్ల తర్వాత ఎప్పుడో చిన్నపేగు దాని కింద చిక్కుకుంటుంది. చిన్నపేగు అడ్డంకికి ఇదే అన్నిటికంటే మామూలు కారణం. ఆ తర్వాత హెర్నియాలు, కణుతులు వస్తాయి. మన దేశంలో వీటికి పేగు క్షయను కూడా కలుపుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. కాబట్టి ఇక్కడి క్యాజువాలిటీలో పొట్ట మీది పాత కుట్ల మచ్చను అడిగి మరీ చూడాలి.

ఇప్పుడు ఆమెను పడుకోబెట్టి తీసిన ఫిల్ము. పొట్ట నడిమధ్యలో నల్లటి గొట్టాలు ఒకదాని పక్కన ఒకటి మెట్లలా పేర్చి ఉన్నాయి. ఇది ఏ పేగన్నది తేల్చడం మొదటి పని. దానికి రెండు ఆనవాళ్లు ఉన్నాయి. చిన్నపేగు పొట్ట మధ్యలో ఉంటుంది, పెద్దపేగు చట్రంలా అంచుల వెంట తిరుగుతుంది. అంతకంటే గట్టి ఆనవాలు గోడ మీది మడతలది. చిన్నపేగు మడతలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉండి గొట్టం వెడల్పంతా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగుతాయి. పెద్దపేగు మడతలు లావుగా, దూరదూరంగా ఉంటాయి, చాలావరకు మధ్యలోనే ఆగిపోతాయి. ఈమె ఫిల్ములో గీతలు ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లాయి. కాబట్టి ఇది చిన్నపేగు.

తర్వాత వెడల్పు కొలవాలి. దీనికి 3, 6, 9 అనే లెక్క ఉంది. చిన్నపేగు 3 సెంటీమీటర్లు, పెద్దపేగు 6, పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే సీకం 9 సెంటీమీటర్లు దాటితే ఉబ్బినట్టు లెక్క. ఈమె పేగు 4 సెంటీమీటర్లకు పైనే ఉంది. ఇక్కడ కొత్తవాళ్లు ఒక చోట బోల్తా పడతారు. కంప్యూటర్ తెరమీద కొలిస్తే సరే. చిన్న సైజులో ప్రింటు తీసిన ఫిల్ము మీద స్కేలు పెట్టి కొలిస్తే 4 సెంటీమీటర్ల పేగు 3 కంటే తక్కువ చూపిస్తుంది. అలాంటప్పుడు అదే ఫిల్ములో ఉన్న నడుము వెన్నుపూసను ఆసరా చేసుకోవచ్చు. దాని ఎత్తు సుమారు రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్లు. పేగు వెడల్పు పక్కనున్న పూస ఎత్తు కంటే బాగా ఎక్కువగా ఉంటే ఉబ్బిందని అనుమానించాలి.

మూడో పని, గాలి ఎక్కడ ఆగిపోయిందో చూడటం. దారి మూసుకుపోతే అడ్డానికి పైనున్న పేగు ఉబ్బుతుంది, కిందిది మెల్లగా ఖాళీ అవుతుంది. ఈమె పెద్దపేగులో గాలి దాదాపు లేదు, కింద మలాశయంలో అసలే లేదు. నిన్నటి నుంచి గ్యాస్ పోవడం లేదన్న మాటకు ఇది సరిపోతోంది. అయితే అడ్డంకి మొదలైన తొలి గంటల్లో పెద్దపేగులో పాత గాలి ఇంకా మిగిలి ఉండొచ్చు. దారి పూర్తిగా కాక సగమే మూసుకున్నా గాలి కనిపిస్తుంది. ఊళ్లో ఎనిమా ఇచ్చి పంపినా, వేలు పెట్టి పరీక్ష చేశాక ఫిల్ము తీసినా మలాశయంలోకి బయటి గాలి వెళ్తుంది. మలాశయంలో గాలి ఉంది కాబట్టి అడ్డంకి లేదని తీర్మానించేముందు ఈ సంగతులు అడిగి తెలుసుకోవాలి.

చిన్నపేగూ పెద్దపేగూ రెండూ ఒకే మాదిరిగా, ఎక్కడా తెగిపోకుండా ఉబ్బి ఉంటే వేరే ఆలోచన చేయాలి. ఆపరేషన్ అయిన కొత్తలోను, రక్తంలో పొటాషియం తగ్గినప్పుడు, పొట్టలో చీము పట్టినప్పుడు పేగు కదలిక ఆగిపోతుంది. దారి తెరిచే ఉంటుంది కానీ పేగు పని చేయదు. దీన్ని ఇలియస్ అంటారు. ఇందులో మెలిపెట్టే నొప్పి పెద్దగా ఉండదు, స్టెతస్కోపు పెడితే పొట్ట నిశ్శబ్దంగా ఉంటుంది. ఫిల్ము ఒక్కటే చూసి ఈ రెంటినీ విడదీయడం అనుభవజ్ఞులకూ ప్రతిసారీ సాధ్యం కాదు.

నిలబెట్టి తీసిన ఫిల్ములో గాలీ నీరూ కలిసే అడ్డగీతలు కనిపిస్తాయి. వీటినే ఎయిర్-ఫ్లూయిడ్ లెవెల్స్ అంటారు. ఒకటో రెండో పొట్టి గీతలుంటే కంగారు పడక్కర్లేదు. విరేచనాలు పట్టుకున్న మనిషిలో కూడా అవి వస్తాయి. రెండున్నర సెంటీమీటర్లకు మించిన వెడల్పాటి గీతలు చాలా ఉంటే, ముఖ్యంగా ఒకే పేగు వంపులోని రెండు కొమ్మల్లో గీతలు వేర్వేరు ఎత్తుల్లో నిలిస్తే అడ్డంకి అనుమానం బలపడుతుంది.

గాలి లేని పొట్ట

అదే మహిళ పేగులో గాలికి బదులు నీరే నిండి ఉందనుకోండి. పేగు అంతే ఉబ్బి ఉంటుంది, నొప్పీ అంతే ఉంటుంది, ఫిల్ము మాత్రం ఉత్త బూడిదరంగులో వస్తుంది. నల్లటి గొట్టం ఒక్కటీ ఉండదు. కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని నార్మల్ అని రాసేస్తారు. వాంతులతో గాలంతా బయటికి పోయినా, అడ్డు బాగా పైన ఉన్నా ఇలా జరుగుతుంది. కొన్నిసార్లు నిలబెట్టి తీసిన ఫిల్ములో మడతల సందుల్లో చిక్కుకున్న చిన్న చిన్న బుడగలు ఒక వరసలో పూసల్లా కనిపిస్తాయి. నీటితో నిండిన పేగు ఉందని పట్టించేది ఒక్కోసారి అవే. పసరు వాంతులు, మెలిపెట్టే నొప్పి ఉన్న మనిషి పొట్టలో అసలు గాలే కనబడకపోతే ఆ ఫిల్మును నార్మల్‌గా కాక అనుమానంగా చూడాలి.

ఫిల్ము చెప్పలేని ఇంకో సంగతి ఇంతకంటే ప్రమాదకరమైంది. పేగు చిక్కుకున్నచోట రక్తం ఆగిపోయిందా లేదా అన్నది మామూలు ఎక్స్‌రేలో తెలియదు. రక్తం ఆగితే కొన్ని గంటల్లో పేగు కుళ్లడం మొదలవుతుంది. వచ్చిపోయే నొప్పి కాస్తా ఆగకుండా పట్టుకోవడం, జ్వరం, నాడి వేగంగా కొట్టుకోవడం, పొట్ట తాకనివ్వకపోవడం, రక్తంలో లాక్టేట్ పెరగడం వంటివి దానికి హెచ్చరికలు. వీటిలో ఏది కనబడినా ఫిల్ము ఎంత మామూలుగా ఉన్నా ఆలస్యం చేయకూడదు.

ఈమె విషయంలో అలాంటి లక్షణాలేవీ లేవు. గజ్జల్లో, బొడ్డు దగ్గర, పాత కుట్ల మీద చెయ్యి పెట్టి చూస్తే హెర్నియా లేదు. నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా, ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేసి జీర్ణాశయం ఖాళీ చేశారు. సెలైన్ ఎక్కించి పొటాషియం సరిచేశారు. సీటీ స్కాన్‌లో చిన్నపేగు చివరి భాగంలో ఒక్కచోట ఉబ్బిన పేగు ఆగి, అక్కడి నుంచి సన్నటి పేగు మొదలైంది. పేగు గోడలో రక్తప్రసరణ బాగానే ఉంది. ఆ తర్వాత ట్యూబ్ ద్వారా నీటిలో కరిగే కాంట్రాస్ట్ మందు ఇచ్చి, మళ్లీ మామూలు ఎక్స్‌రే తీశారు. ఆ మందు 24 గంటల్లోపు పెద్దపేగుకు చేరితే ఆపరేషన్ లేకుండా గండం గడిచే అవకాశం చాలా ఎక్కువ. ఈమెకు చేరింది. మొదటి రోజు జబ్బును అనుమానించడానికి వాడిన అదే సాదా ఎక్స్‌రే, రెండో రోజు దారి తెరుచుకుందని చెప్పడానికి పనికొచ్చింది.

పెద్దపేగు అడ్డంకి తీరు కొంచెం వేరు. ఎక్కువగా పెద్దవాళ్లలో, క్యాన్సర్ గడ్డ వల్లో, పేగు మెలిక పడటం వల్లో వస్తుంది. చిన్నపేగుకూ పెద్దపేగుకూ మధ్యనున్న కవాటం గట్టిగా మూసుకుని ఉంటే వెనక్కి పోయే దారి కూడా ఉండదు, ఒత్తిడంతా సీకం మీద పడుతుంది. సీకం వెడల్పు 12 సెంటీమీటర్లకు చేరుతోందంటే పగిలే ప్రమాదం దగ్గరపడినట్టే. మలబద్ధకంతో బాధపడే వృద్ధుడి ఫిల్ములో కటి భాగం నుంచి లేచి పొట్టంతా ఆక్రమించిన ఒకే ఒక్క పెద్ద ఉంగరం లాంటి పేగు, లోపల మడతలు లేకుండా నున్నగా కనిపిస్తే సిగ్మాయిడ్ భాగం మెలిక పడిందని అనుకోవాలి.

రెండో రోగి: చెక్కలా బిగిసిన పొట్ట

యాభై ఎనిమిదేళ్ల తాపీ మేస్త్రీ. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో కొనుక్కుని రెండు నెలలుగా నొప్పి మాత్రలు వేసుకుంటున్నాడు. తెల్లవారుజామున ఒక్కసారిగా కత్తితో పొడిచినట్టు పైపొట్టలో నొప్పి మొదలై కొద్దిసేపట్లో పొట్టంతా పాకింది. కదిలితే నొప్పి, అందుకే కదలకుండా పడుకున్నాడు. పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. నొప్పి మాత్రల వల్ల, కడుపులోని హెచ్ పైలోరి సూక్ష్మజీవి వల్ల వచ్చే పుండ్లు జీర్ణాశయానికి గానీ, దాని తర్వాతి భాగమైన డుయోడినానికి గానీ చిల్లు పెట్టడం ఎక్కువగా చూస్తాం. మన దగ్గర టైఫాయిడ్ ముదిరి చిన్నపేగు చివర చిల్లు పడటం ఇప్పటికీ ఉంది.

చిల్లు అనుమానం వచ్చినప్పుడు అడగాల్సిన సాదా ఫిల్ము నిలబెట్టి తీసిన ఛాతీ ఎక్స్‌రే. కొత్తవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. పొట్టలో జబ్బుకు ఛాతీ ఫిల్ము ఎందుకని అడుగుతారు. కూర్చోబెడితే బయటపడ్డ గాలి డయాఫ్రం కిందికి చేరుతుంది. ఛాతీ ఫిల్ములో కిరణం ఆ ఎత్తులోనే, డయాఫ్రం గోపురాన్ని తాకుతూ వెళ్తుంది. పైన ఊపిరితిత్తి నలుపు, కింద కాలేయం తెలుపు, మధ్యలో సన్నటి డయాఫ్రం గీత ఉంటుంది. ఆ గీతకూ కాలేయానికీ మధ్య నల్లటి నెలవంక కనిపిస్తే అది గొట్టం దాటిన గాలి. మన క్యాజువాలిటీల్లో దీన్నే గ్యాస్ అండర్ డయాఫ్రం అంటారు. పద్ధతిగా తీస్తే 1 మిల్లీలీటరు గాలిని కూడా ఇలా పట్టుకోవచ్చని 1971లో మిల్లర్, నెల్సన్ అనే ఇద్దరు వైద్యులు చూపించారు. ఆ పద్ధతిలో అసలు కిటుకు ఓపిక. గాలి పేగుల సందుల్లోంచి పైకి చేరడానికి టైము పడుతుంది. రోగిని కాసేపు ఎడమ పక్కకు పడుకోబెట్టి, తర్వాత కూర్చోబెట్టి పది నిమిషాలు ఆగి ఫిల్ము తీయాలి.

మన మేస్త్రీ విషయంలో ఆ రాత్రి అలా జరగలేదు. నొప్పితో నిలబడలేకపోయాడు కాబట్టి పడుకోబెట్టే ఛాతీ ఫిల్ము తీశారు. డయాఫ్రం కింద ఏమీ లేదు. పడుకున్న మనిషిలో గాలి డయాఫ్రం కిందికి రాదు, పొట్ట ముందు భాగంలో పరుచుకుంటుంది. అంటే ఆ ఫిల్ము అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేదు. మంచం తల భాగాన్ని సగం పైకి లేపి, కిరణాన్ని కూడా అదే ఏటవాలులో వంచి తీసినా ఇలాంటి మోసమే జరగొచ్చు. ఫిల్ము మీద మాత్రం ఎరెక్ట్ అని రాసి ఉంటుంది.

అయితే అతనికి పడుకోబెట్టి తీసిన పొట్ట ఫిల్ములో జవాబు అప్పటికే ఉంది. మామూలుగా పేగు గోడకు లోపలి అంచు మాత్రమే కనిపిస్తుంది, ఎందుకంటే గాలి లోపలే ఉంటుంది. బయటి అంచు పక్కనున్న బూడిదరంగులో కలిసిపోతుంది. గోడకు రెండు వైపులా గాలి చేరితే లోపలి అంచూ బయటి అంచూ రెండూ తేటపడి, గోడ పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి తెల్లటి గీతగా విడిగా కనిపిస్తుంది. 1941లో అమెరికా రేడియాలజిస్టు లియో రిగ్లర్ దీన్ని వర్ణించాడు. ఇప్పటికీ రిగ్లర్ సైన్ అనే పిలుస్తారు. ఇది కనబడాలంటే బయట గాలి చాలానే ఉండాలి. పక్కపక్కనే ఆనుకున్న రెండు పేగులు కూడా ఒక్కోసారి ఇలాంటి భ్రమ కలిగిస్తాయి. రెండు గోడలు కలిసిన గీత లావుగా ఉంటుంది, పొట్టలో ఇతర చోట్ల ఆ తేట ఉండదు. అనుమానం ఉన్నప్పుడు కాలేయం మీద కూడా చూడాలి. అక్కడ ఉండాల్సిన తెలుపు మీద నల్లటి మచ్చ పరుచుకున్నా, కాలేయాన్ని పొట్ట గోడకు కట్టిపెట్టే సన్నటి పొర విడిగా గీతలా కనబడినా బయటి గాలి ఉన్నట్టే.

నిలబడలేని మనిషికి ఇంకో దారి ఉంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పది నిమిషాలు ఆగి, కిరణాన్ని నేలకు సమాంతరంగా పంపి తీయాలి. ఎడమ పక్కనే ఎందుకంటే అప్పుడు కుడి వైపు పైకి వస్తుంది. గాలి కాలేయానికీ పక్కటెముకలకూ మధ్య చేరుతుంది. అక్కడ మామూలుగా పేగు గాలి ఉండదు కాబట్టి నల్లటి చార కనిపిస్తే వేరే అర్థం తీయడం కష్టం. అదే కుడి పక్కకు పడుకోబెడితే పైకి వచ్చేది జీర్ణాశయం. దాని బుడగతో కలిసి బయటి గాలి ఏదో తెలియకుండా పోతుంది. మేస్త్రీకి ఇలా తీస్తే కాలేయం పక్కన నల్లటి చార తేటగా వచ్చింది. గంటలోపు అతన్ని థియేటర్‌కు తీసుకెళ్లారు.

గాలిలా కనిపించేవి

కనిపించిన ప్రతి నలుపూ చిల్లు కాదు. ఎడమ డయాఫ్రం కింద జీర్ణాశయపు బుడగ ఎప్పుడూ ఉంటుంది. దాని కింద నీటి గీత, పైన కాస్త లావుపాటి గోడ ఉంటాయి. అందుకే ముందు కుడి వైపు చూడటం అలవాటు చేసుకుంటారు. కుడి వైపు కూడా కొంతమందిలో పెద్దపేగు కాలేయానికీ డయాఫ్రంకూ మధ్యలోకి దూరి నల్లగా కనిపిస్తుంది. 1910 ప్రాంతంలో వియన్నాలో పనిచేసిన రేడియాలజిస్టు కిలాయిడిటి పేరు మీద దీన్ని పిలుస్తారు. ఆ నలుపు లోపల పెద్దపేగు మడతలు కనిపిస్తున్నాయా అన్నదే ఇక్కడ తేల్చే గుర్తు. మడతలుంటే గాలి పేగులోనే ఉంది. రోగికి నొప్పి లేకుండా, పొట్ట మెత్తగా ఉంటే ఆ నమ్మకం పెరుగుతుంది.

గాలి నిజంగానే బయట ఉన్నా చిల్లు లేకపోవచ్చు. పొట్ట కోసి ఆపరేషన్ చేసిన తర్వాత కొన్ని రోజుల పాటు లోపల గాలి ఉండటం సహజం. ల్యాపరోస్కోపీలో వాడే కార్బన్ డయాక్సైడ్ త్వరగా ఇంకిపోతుంది, బయటి గాలి ఎక్కువ రోజులు నిలుస్తుంది. కాబట్టి ఆపరేషన్ ఎప్పుడైందో తెలియకుండా ఫిల్ముకు అర్థం చెప్పకూడదు. అయితే ఆ గాలి రోజురోజుకీ తగ్గాలి. పెరుగుతోందంటే కుట్టు విడిందేమోనని చూడాలి.

దీనికి ఎదురు తప్పు ఇంకా చెడ్డది. చిల్లు పడిన వాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి, కొన్ని లెక్కల ప్రకారం అంతకంటే ఎక్కువమందికి నిలబెట్టి తీసిన ఫిల్ములోనూ గాలి కనబడదు. చిల్లును పొట్టలోని కొవ్వు పొర వచ్చి మూసేసి ఉండొచ్చు. చిల్లు పేగు వెనక వైపు ఉంటే గాలి పొట్ట ఖాళీలోకి రాదు. అపెండిక్స్ పగిలినప్పుడు బయటికి వచ్చే గాలి ఎంత తక్కువంటే, ఫిల్ములో అది దొరకడం అరుదు. అడ్డంకిలోనూ సాదా ఫిల్ము చాలామందిని వదిలేస్తుంది. వదిలేసిన వాటిని పట్టుకునేది సీటీ. కొద్దిపాటి గాలినీ, పేగు సరిగ్గా ఎక్కడ ఆగిందో కూడా అది చూపిస్తుంది. అందుకే సీటీ వెంటనే దొరికే ఆసుపత్రుల్లో పొట్ట ఎక్స్‌రే వాడకం బాగా తగ్గింది. రాత్రి పూట సీటీ లేని చోట, లేదా రోగిని కదిలించలేని స్థితిలో ఉన్నప్పుడు ఈ సాదా ఫిల్మే మొదటి ఆసరా.

సర్జన్‌కు ఫిల్ము ఫొటో వాట్సాప్‌లో పంపడం ఇప్పుడు మామూలైపోయింది. ట్యూబ్‌లైటు వెలుగు పడిన ఫిల్మును ఫోన్‌తో తీస్తే లావుగా ఉబ్బిన పేగు కనబడొచ్చు కానీ డయాఫ్రం కింది వెంట్రుక మందం నెలవంక, పేగు గోడ సన్నటి గీత ఇట్టే మాయమవుతాయి. అందుకే ఫొటోతో పాటు నాలుగు మాటలు చెప్పాలి. ఏ భంగిమలో, ఎంతసేపు కూర్చోబెట్టి తీశారు. ఉబ్బింది ఏ పేగు, ఎన్ని సెంటీమీటర్లు, గాలి ఎక్కడ ఆగింది. బయట గాలి ఉందా. పొట్ట మీద చెయ్యి పెడితే ఎలా ఉంది. మేస్త్రీ గురించి ఆ ఫోన్ మొదటి ఫిల్ము తర్వాతే చేసి ఉంటే సరైన మాట ఇలా ఉండేది: "సార్, పడుకోబెట్టి తీసిన ఫిల్ములో డయాఫ్రం కింద గాలి కనబడలేదు. కానీ పొట్ట చెక్కలా ఉంది. ఎడమ పక్కకు తిప్పి మళ్లీ తీస్తున్నాను, అందులో కూడా తేలకపోతే సీటీకి పంపిస్తాను. ఈలోగా మీరు ఒకసారి వచ్చి చూడాలి." ఇలా చెబితే ఫిల్ములో గాలి కనబడలేదన్న మాట విని ఎవరూ మళ్లీ నిద్రలోకి జారుకోరు.